మడమ జారే షూకి హీల్ గ్రిప్ మేలా, టంగ్ ప్యాడ్ మేలా?

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి చుట్టూ పీజీలే. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్లు ఫార్మల్ షూ కొన్న వారంలోపే వచ్చి అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, నడుస్తుంటే మడమ పైకి లేస్తోంది, ఏం అంటించాలి?" దాదాపు అందరూ అప్పటికే హీల్ గ్రిప్ కొనేసి ఉంటారు. జారేది మడమ కాబట్టి మందు కూడా అక్కడే వేయాలనుకుంటారు. నా ఓటు మాత్రం ముందు టంగ్ ప్యాడ్‌కే.

ఖాళీ ఎక్కడ ఉందన్నదే అసలు లెక్క. హీల్ గ్రిప్ మడమకీ షూ వెనక గోడకీ మధ్య కూర్చుని పాదాన్ని ముందుకు తోస్తుంది. టంగ్ ప్యాడ్ షూ నాలుక అడుగున ఉండి పాదాన్ని పైనుంచి నొక్కి వెనక్కి, మడమ గుంటలోకి కూర్చోబెడుతుంది. పొడవు సరిపోయిన షూలో గ్రిప్ వేస్తే మడమ ఆగినా వేళ్లు ముందు గోడకి తగలడం మొదలవుతుంది.

ఖాళీ పాదం పైనే ఉందని లేసులు చెబుతాయి. బిగించి కట్టినప్పుడు రంధ్రాలున్న రెండు అంచుల మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఎడం ఉంటే మంచిది. అంచులు రెండూ కలిసిపోతే ఇక బిగించడానికి చోటు లేదు, పాదం వదులుగానే ఉంటుంది. పోయిన నెల నేను కొన్న నల్ల ఆక్స్‌ఫర్డ్ అచ్చం ఇలాగే ఉంది. ప్యాడ్ కొనే ముందు చేతిరుమాలు మడిచి నాలుక కింద పెట్టి హాల్లో ఇరవై అడుగులు నడిచాను. మడమ ఆగింది. అప్పుడు మూడు మిల్లీమీటర్ల ఫెల్ట్ ప్యాడ్ తెచ్చి, నాలుక పై అంచుకి కాస్త కిందగా, మధ్యలో అంటించాను. అంచుల మధ్య మళ్లీ ఎడం కనిపించింది. పాదం పైన నరాలు నొక్కుకుపోయి తిమ్మిరి వస్తే ప్యాడ్ మందం ఎక్కువైనట్టు, పలచనిది వేసుకోవాలి.

గ్రిప్‌కీ పని ఉంది. లేసుల మధ్య ఎడం సరిగ్గానే ఉండి, పాదం పైన బిగువుగానే ఉండి, మడమ మాత్రం సన్నగా ఉన్నవాళ్లకి అదే కావాలి. ముందు వేళ్ల దగ్గర కొంచెం చోటు ఉంటేనే వేయాలి. లోపలి తోలుని గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాక అంటించకపోతే చెమటకి ఊడి చుట్టుకుపోతుంది. ఆ ముడతే బొబ్బ తెస్తుంది.

లేసుల కిటుకు ఖర్చు లేనిది, కాబట్టి స్పోర్ట్స్ షూ అయితే అదే ముందు చూడండి. పైన వాడకుండా వదిలేసే చివరి రంధ్రంలోకి లేసుని అదే వైపు దూర్చి చిన్న ఉచ్చు చేయాలి. అవతలి వైపూ అలాగే. ఒక్కో కొసని ఎదుటి ఉచ్చులోంచి తీసి, వెనక్కి కిందికి లాగి ముడి వేయాలి. లోఫర్‌కి లేసులే లేవు కనుక పైపట్టీ కింద ప్యాడ్ వేసి చూడటమే. రెండు జతల సాక్సు మాట వదిలేయండి, ఈ ఊరి ట్రాఫిక్‌లో కాళ్లు ఉడికిపోతాయి.

గట్టి తోలు సోల్ ఉన్న కొత్త షూలో మడమ నాలుగైదు మిల్లీమీటర్లు లేవడం మామూలే. సోల్ ఇంకా వంగడం నేర్వలేదు. కొన్నాళ్లు తొడిగితే తగ్గుతుంది, తొందరపడి ఏదీ అంటించొద్దు.

ఇక దేనికీ లొంగని షూ ఉంటుంది, అది పెద్ద సైజు. ఒంగోలు నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు సంగతి అదే. ఎనిమిదో నంబరు పక్కల నొక్కుతోందని తొమ్మిది కొన్నాడు. గ్రిప్ వేశాడు, ప్యాడ్ వేశాడు, మడమ కొంత ఆగింది కూడా. కానీ మునివేళ్ల మీద లేచి నిలబడమంటే షూ మడత పాదం వంగే చోట పడలేదు. బొటనవేలి మొదలు దాటి, వేళ్ల మీద పడింది. అందుకే వేళ్ల పైన చర్మం ఒరుసుకుపోయింది. పాదాన్ని ముందుకి జరిపి వేళ్లు తగిలేలా నిలబడితే మడమ వెనక చూపుడు వేలు దూరి ఇంకా ఆడుతోంది. యూకే లెక్కలో ఒక నంబరుకీ తర్వాతి దానికీ తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల గ్రిప్ అంత తేడాని పూడ్చలేదు, మడత పడే చోటుని పూర్తిగా సరిచేయలేదు.

"తమ్ముడూ, నీకు కావలసింది పొడవు కాదు, వెడల్పు" అని చెప్పి, సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బాక మళ్లీ షాపుకి తీసుకెళ్లాను. వెడల్పు ఎక్కువున్న ఎనిమిదో నంబరు సరిపోయింది. గ్రిప్ అంటించిన జతని షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు.