జాగ్రత్త: డబ్బా మీద ‘ట్యూబింగ్’, లోపల వాటర్‌ప్రూఫ్

ఆన్‌లైన్‌లో ‘ట్యూబింగ్ మస్కారా’ అని చూసి ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. 349 రూపాయల మస్కారా వల్ల నా ఎడమ కంటి పైరెప్పకి చివర్న 11 వెంట్రుకలు పోయాయి. లెక్కపెట్టే చెబుతున్నాను.

మాది విజయనగరం. ఇక్కడి ఉక్కకి మామూలు మస్కారా పెట్టుకుని గంట స్తంభం దాకా వెళ్లొస్తే చాలు, కళ్ల కింద నల్లగా దిగిపోతుంది. అందుకే ఏడాదిగా ట్యూబింగ్ రకమే వాడుతున్నాను. అది ఆరాక ఒక్కో వెంట్రుక చుట్టూ సన్నటి గొట్టంలా పొర కడుతుంది. చెమటకీ, రెప్ప మీది జిడ్డుకీ కరగదు. రాత్రి గోరువెచ్చని నీళ్లు చేత్తో పట్టి కళ్ల మీద కాసేపు ఉంచితే ఆ పొర ఉబ్బి, వెంట్రుక నుంచి జారి, చిన్న చిన్న నల్ల పోగుల్లా అరచేతిలోకి వచ్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు రెప్ప వెంట్రుకలే ఊడిపోయాయని హడలిపోతారు. నేనూ హడలిపోయాను.

నా కొంప ముంచింది ఈ అలవాటే. పాతది అయిపోయింది, చీపురుపల్లిలో పిన్ని కూతురి పెళ్లి దగ్గర పడింది. ఒక యాప్‌లో చవగ్గా కనిపిస్తే కొనేశాను. పేజీలోనూ, డబ్బా ముందువైపూ ‘ట్యూబింగ్, గోరువెచ్చని నీళ్లకి వచ్చేస్తుంది’ అనే ఉంది. అప్పగింతలప్పుడు అందరం ఏడ్చినా చెక్కుచెదరలేదు. ట్యూబింగే కదా అని మురిసిపోయాను.

రాత్రి రెండింటికి ఇంటికొచ్చి అలవాటు ప్రకారం గోరువెచ్చని నీళ్లు పట్టాను. కదల్లేదు. ఇంకొంచెం వేడిగా పట్టి వేళ్లతో రుద్దాను. అప్పుడు అరచేతిలో నాలుగైదు నల్ల పోగులు కనిపించాయి. హమ్మయ్య, గొట్టాలు ఊడుతున్నాయి అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. ఎడమ కంటికి తువ్వాలు కూడా వాడాను.

పొద్దున్న అమ్మ చూసి, “ఏటే, రెప్ప అలా బోడిగా అయిపోనాదేటి?” అంది. తువ్వాలు వెలుతురులో పెట్టి చూస్తే అవి గొట్టాలు కావు, వెంట్రుకలే. ఒక్కోదాని మొదట్లో ఆవగింజలో నాలుగో వంతు కూడా లేని తెల్లటి బొడిపె ఉంది. అంటే కుదురుతో సహా వచ్చేశాయన్నమాట. రెండు మూడు మాత్రం మధ్యలో విరిగినవి, వాటికి బొడిపె లేదు.

గొట్టమో వెంట్రుకో తేల్చుకోవడం నిజానికి చాలా సులువు. వేళ్ల మధ్య నలిపితే గొట్టం ముద్దయిపోతుంది. వెంట్రుక నలగదు. వంచి వదిలితే మళ్లీ లేస్తుంది, కొస సన్నగా ఉంటుంది. మొదటి పోగు పడగానే నలిపి చూసుంటే అక్కడితో ఆగేదాన్ని. రోజుకి ఒకటో రెండో రాలడం మామూలే. ఒకే రాత్రి ఒకే చోట అన్ని రాలితే అది లాగుడే.

శ్రీకాకుళంలో పార్లర్ నడిపే మా వదినకి ఫోన్ చేశాను. “ముందు వెనకాల లేబుల్ చదువమ్మా, పెద్దక్షరాలు కాదు” అంది. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదివాను. మొదటి పేరే ఐసోడోడెకేన్. తర్వాత తేనెమైనం, ఇంకో మైనం. నీళ్ల పేరే లేదు.

ఇది గుర్తుపెట్టుకోండి. లేబుల్ మీద ఏది ఎక్కువ ఉంటే దాని పేరే ముందు వస్తుంది. ఐసోడోడెకేన్ తొందరగా ఆవిరైపోయే ద్రావకం. అది ఎగిరిపోయాక మైనం, రెసిన్ కలిసిన పొర రెప్పకి పట్టేస్తుంది. అది అచ్చమైన వాటర్‌ప్రూఫ్ పద్ధతి. ట్యూబింగ్‌లో మొదట నీళ్లు, ఆ వెంటనే రెండో మూడో స్థానంలో అక్రిలేట్స్ కోపాలిమర్ లాంటి పేరు ఉంటుంది. మొదట నీళ్లుండి, వెంటనే మైనాలు, స్టియరిక్ యాసిడ్ ఉంటే అది మామూలు కడిగే రకం. అక్రిలేట్స్ అన్న మాట ఎక్కడో కింద కనబడితే సంబరపడకండి, వాటర్‌ప్రూఫ్ వాటిలోనూ వేస్తారు. మొదటి మూడు నాలుగు పేర్లే చూడాలి.

వాటర్‌ప్రూఫ్ తీయడం గురించి వదిన చెప్పింది నాకు బాగా పట్టింది. “పనసకాయ కోస్తే చేతికంటిన జిగురు నీళ్లతో పోద్దా? నూనె రాస్తేనే కదా. ఇదీ అంతే” అంది. నూనె, నీరు రెండు పొరలుగా ఉండే రిమూవర్ దొరుకుతుంది. దాన్ని బాగా కుదిపి దూదిని తడిగా ముంచాలి. మూసిన కంటి మీద ఆ దూది ఆనించి, మనసులో ముప్పై లెక్కపెట్టేదాకా కదపకూడదు. అసలు పని చేసేది ఆ ముప్పై అంకెలే, మన వేళ్లు కాదు. తర్వాత పై నుంచి కిందికి, వెంట్రుక పెరిగిన దిక్కులోనే ఒక్కసారి మెల్లగా జార్చాలి. అడ్డంగా రుద్దకూడదు. ఇంకా నలుపుంటే కొత్త దూదితో మళ్లీ ముప్పై. మొదళ్లలో మిగిలింది ఇయర్‌బడ్‌తో తీసి, చివర్న ఫేస్‌వాష్‌తో కడుక్కోవాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే ముందే తీసేయాలి. రిమూవర్ లేని రాత్రి కొంచెం కొబ్బరినూనె కూడా మైనాన్ని మెత్తబరుస్తుంది. కాకపోతే కంట్లోకి పోతే చూపు కాసేపు మసకబారుతుంది.

ఇదే నూనె ట్యూబింగ్ మీద పెద్దగా పని చేయదు. దానికి వెచ్చని నీళ్లూ ఓపికా కావాలి. చన్నీళ్లకి బిగుసుకుని ఉంటుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలియకపోతే రెప్పకి పెట్టకముందే చేతి వెనకాల ఒక గీత గీసి పది నిమిషాలు ఆరనివ్వండి. గోరువెచ్చని నీళ్ల కింద మెల్లగా తోస్తే గీత ముక్కలుగా చుట్టుకుని వస్తే ట్యూబింగ్. కదలకుండా ఉండి, నూనె చుక్క వేసి తాకగానే నల్లగా పులుముకుంటే వాటర్‌ప్రూఫ్. నేనిప్పుడు ఏది కొన్నా ముందు ఈ పరీక్ష చేస్తున్నాను. అమ్మకి నవ్వులాటగా ఉంది.

వాటర్‌ప్రూఫ్ చెడ్డదని కాదు. కళింగపట్నం బీచ్‌కి వెళ్తే అదే కావాలి. పేరు మార్చి అమ్మడమే తప్పు. సెల్లర్‌కి లేబుల్ ఫోటో పంపితే ‘సీల్ తీసిన బ్యూటీ సామాన్లు వాపసు తీసుకోం’ అన్నారు. సీల్ తీయకుండా చేతి మీద గీత ఎలా గీస్తారో వాళ్లే చెప్పాలి. చెప్పిన వస్తువొకటి, పంపినదొకటి కాబట్టి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి పేజీ స్క్రీన్‌షాట్, లేబుల్ ఫోటో పెట్టి ఫిర్యాదు చేశాను. మీరు కూడా కొన్నప్పుడే పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మాటలు మార్చేస్తారు.

రెండు నెలలైంది. ఖాళీ ఉన్నచోట పొట్టి వెంట్రుకలు మొలుస్తున్నాయి, ఆ కంటికి ఇంకా ఏమీ పెట్టడం లేదు. రెప్ప ఎర్రగా వాచినా, పుసులు కట్టినా, నెలలు గడిచినా ఖాళీ పూడకపోయినా కంటి డాక్టర్‌కి చూపించుకోమంది వదిన.

కొనేముందు సెల్లర్‌ని వెనకవైపు లేబుల్ ఫోటో అడగండి. నేను కొన్న పేజీలో ఆ ఫోటో ఇప్పటికీ లేదు.