ఆవిరి గేజీ, ఫోన్ ఫొటో: కొన్ని మామిడి సీజన్ల వాడకం తర్వాత

చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసే కర్మాగారంలో నేను మెయింటెనెన్స్ చూస్తాను. సీజన్‌లో రాత్రి షిఫ్టు ఆపరేటర్లు, గోడల మధ్య ఆవిరి నింపి గుజ్జును వేడిచేసే జాకెట్ కెటిల్ ఆవిరి గేజీని ఫొటో తీసి నాకు పంపుతారు. ఆ గేజీ గురించే ఈ సమీక్ష. డయల్ 100 మి.మీ., బయటి వలయంలో నల్ల అంకెలతో 0 నుంచి 7 kg/cm², లోపలి వలయంలో ఎర్ర అంకెలతో 0 నుంచి 100 psi. కెటిల్‌కు మేము పెట్టుకునే ఒత్తిడి 1.2 kg/cm².

గేజీ గట్టిది. ముల్లు సన్నగా ఉంటుంది, అంకెలు దూరం నుంచి కూడా తెలుస్తాయి. అయితే రెండు కొలతలు ఒకే డయల్ మీద ఉండటం నాకు అసలు నచ్చలేదు. ఒక రాత్రి ఆపరేటర్ ఫోన్ చేసి, "సార్, 1.7 చూపిస్తోంది, వాల్వు తగ్గించమంటారా?" అని అడిగాడు. ఫొటో పంపమన్నాను. అందులో ముల్లు ఎర్ర వలయంలో 17 దగ్గర ఉంది. ఒక kg/cm² అంటే 14.2 psi, కాబట్టి 17 psi అంటే 1.2. ఒత్తిడి సరిగ్గానే ఉంది. అతను వాల్వు తగ్గించి ఉంటే గుజ్జు వేడెక్కక లైను ఆగిపోయేది. ఒత్తిడి నిజంగానే 1.7 అయి ఉంటే ఆవిరి దాదాపు ఆరున్నర డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండి గుజ్జు కెటిల్ గోడకు మాడి పట్టేది. అందుకే ఫొటో రాగానే నేను మొదట చూసేది ముల్లును కాదు, ఏ రంగు అంకెలు ఏ కొలతవో.

తర్వాత గీతలు. నల్ల వలయంలో 1కి 2కి మధ్య పది ఖాళీలు, అంటే ఒక్కో గీత 0.1. ఎర్ర వలయంలో 0కి 20కి మధ్య కూడా పదే, కానీ అక్కడ ఒక్కో గీత 2 psi. గీతలను కాకుండా ఖాళీలను లెక్కపెట్టాలి. రెండు గీతల మధ్య సగం వరకు అంచనా వేయవచ్చు. అంతకన్నా సూక్ష్మంగా రాస్తే అది ఊహే.

ఇక అసలు చిక్కు చూపు కోణంతో వచ్చే పారలాక్స్ దోషం. మా గేజీ తలకు పై ఎత్తులో ఉంటుంది, ఫొటో కింద నుంచి తీస్తారు. ముల్లు డయల్‌కు 3 మి.మీ. ముందు ఉంటుంది కాబట్టి కింద నుంచి చూస్తే అసలు చోటు కన్నా పైకి జరిగినట్లు కనిపిస్తుంది. 1.2 దగ్గర ముల్లు ఎడమవైపు దాదాపు అడ్డంగా ఉంటుంది. అక్కడ పైకి జరగడమంటే రీడింగు పెరగడమే. అదే 3.5 దగ్గర ముల్లు నిలువుగా ఉంటుంది కాబట్టి కింద నుంచి తీసినా తేడా రాదు, పక్కనుంచి తీస్తేనే వస్తుంది.

ఫొటో ఎంత వాలుగా తీశారో ఆ ఫొటోయే చెబుతుంది. గుండ్రటి అంచు కోడిగుడ్డులా కనిపిస్తే కోణం ఉన్నట్టే. ఒకసారి వచ్చిన ఫొటోలో ముల్లు 1.3 మీద ఉంది. తెర మీద స్కేలు పెట్టి కొలిచాను. డయల్ వెడల్పు 10 సెం.మీ., ఎత్తు 8.7 సెం.మీ. ఈ నిష్పత్తి 0.87, అంటే వాలు సుమారు 30 డిగ్రీలు. 3 మి.మీ. ఎడానికి ఆ వాలులో ముల్లు 1.7 మి.మీ. జరిగినట్లు కనిపిస్తుంది. ఈ డయల్ మీద ఒక గీత ఎడం దాదాపు 2.7 మి.మీ. కాబట్టి తేడా 0.06, అసలు రీడింగు 1.24. నిచ్చెన వేసి ఎదురుగా మళ్లీ తీయిస్తే ముల్లు 1.2కి 1.3కి నడుమ నిలిచి ఉంది. రిజిస్టరులో 1.25 రాశాం.

ఆపరేటర్లకు నేను చెప్పేది ఒకటే: కెమెరా కన్ను ముల్లు తిరిగే ఇరుసుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. అప్పుడు ముల్లు జరిగినట్లు కనిపించినా దాని పొడవు వెంబడే జరుగుతుంది, రీడింగు మారదు. చాలా ఫోన్లలో కెమెరా మూలన ఉంటుంది కనుక ఫోను మధ్యభాగాన్ని గేజీకి ఎదురుగా పెడితే చాలదు. ముల్లు వణుకుతుంటే ఒక్క ఫొటోను నమ్మకుండా పది సెకన్ల వీడియో అడుగుతాను.

ఒక్క పరిమితి మాత్రం ఏ ఫొటోతోనూ పోదు. ఈ గేజీ క్లాసు 1.6, అంటే పూర్తి స్కేలులో 1.6 శాతం, 0.11 వరకు గేజీయే తప్పు చూపవచ్చు. 7 వరకు కొలిచే గేజీని 1.2 దగ్గర వాడితే అది ఒక గీతకు పైగా తేడా. కాబట్టి కెటిల్‌కు దీన్ని సిఫారసు చేయను. అక్కడ సేఫ్టీ వాల్వు 2.5 దగ్గర తెరుచుకుంటుంది, 4 వరకు కొలిచే గేజీ చాలు. 150 మి.మీ. డయల్, క్లాసు 1, kg/cm² ఒక్కటే ఉన్నది అడిగాను. అందులో అదే 30 డిగ్రీల వాలుకు తేడా 0.03 లోపే ఉంటుంది. పాత గేజీని 4 నుంచి 5 మధ్య నడిచే ప్రధాన ఆవిరి లైనుకు మారుస్తున్నాం, ఎర్ర వలయం మీద నల్ల టేపు అంటించి.