ఏడాదిగా మా వారాంతపు క్లబ్‌లో ఆడిస్తున్న డిటెక్టివ్ ఆట

మా క్లబ్‌లో పన్నెండు మంది పిల్లలు, అందరికీ పదేళ్ల వయసు. ఏడాది నుంచి ఈ డిటెక్టివ్ ఆట పెట్టెతోనే ఎక్కువ వారాలు గడిపాం. ఒక్కో కేసుకు ఒక కథ, అనుమానితుల కార్డులు, క్లూ కార్డులు, చివర్లో విప్పాల్సిన జవాబు కవరు ఉంటాయి. ముగ్గురికో జట్టు చొప్పున కూర్చోబెడితే గంటలోపు ఒక కేసు అవుతుంది. నలుగురైతే ఒకరు ఊరికే చూస్తూ కూర్చుంటున్నారు.

నాకు బాగా నచ్చింది వయొలిన్ పోయిన కేసు. తోటమాలి "డ్రైవరే తీశాడు" అంటాడు. డ్రైవర్ "నేను తీయలేదు" అంటాడు. వంటావిడ కూడా "నేను తీయలేదు" అంటుంది. ముగ్గురిలో ఒక్కరే నిజం చెప్పారని క్లూ. పిల్లలందరూ మొదట డ్రైవర్‌నే పట్టుకున్నారు, ఎందుకంటే అతని బొమ్మకు మీసాలు పెద్దవి! "సరే, డ్రైవరే అనుకోండి. అప్పుడు ఎంతమంది నిజం చెప్పినట్టు?" అని అడిగాను. లెక్కపెడితే తోటమాలి, వంటావిడ ఇద్దరూ వచ్చారు. తోటమాలి తీశాడనుకున్నా ఇద్దరే. ఇంతలో ఒక పాప, "టీచర్, తోటమాలి, డ్రైవర్ మాటలు ఒకదానికొకటి ఎదురు కదా, ఆ ఒక్క నిజం వాళ్లిద్దరిలోనే ఉంది. అంటే వంటావిడ మాట అబద్ధం" అంది. ఆ రోజు కవరు విప్పాలన్న తొందర ఎవరికీ లేకపోయింది.

అన్ని కేసులూ ఇంత గట్టిగా లేవు. ఒకదాంట్లో నాలుగింటికి, ఐదింటికి, ఆరింటికి ఒక్కొక్కరు గదిలోకి వచ్చారు, మొదట వచ్చినవారే దొంగ. క్లూలు రెండే: డ్రైవర్ కంటే తోటమాలి ముందు వచ్చాడు, వంటావిడ ఆఖరున రాలేదు. కవరులో జవాబు తోటమాలి. ఒక జట్టు మాత్రం వంటావిడ అని రాసింది. వాళ్లదీ తప్పు కాదు! డ్రైవర్ ఆఖరున వచ్చాడని తేలుతుంది గానీ, మొదటి ఇద్దరిలో ఎవరు ముందో ఏ క్లూ చెప్పదు. సరిగ్గా ఆలోచించిన పిల్లలకు "తప్పు" అని చెప్పాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది. వెంటనే మాట మార్చుకుని, వాళ్లకూ మార్కులిచ్చాను. తర్వాత "వంటావిడ వచ్చేసరికి తోటమాలి గదిలోనే ఉన్నాడు" అని ఒక కార్డు రాసి ఆ కేసులో చేర్చాను.

అప్పటినుంచి ప్రతి కేసునూ ముందు రోజు కవరు విప్పకుండా నేనే ఆడి చూస్తున్నాను. జవాబు దొరకగానే ఆపేయను. మిగిలిన ఒక్కొక్కరినీ దొంగ అనుకుని, ఏ క్లూ అడ్డుపడుతుందో వెతుకుతాను. ఏదీ అడ్డుపడకపోతే ఆ కేసులో లోపం ఉన్నట్టే.

కార్డులు పలచన, ఒక్కటి పోయినా కేసు తేలదు. అందుకే మొదటి రోజే ఫొటోలు తీసి పెట్టుకోండి. ఒకసారి తేలిన కేసు అదే పిల్లలకు మళ్లీ పనికిరాదు, కొత్త బ్యాచ్‌కి మాత్రం నిక్షేపంగా వాడుకోవచ్చు.