ముఖం మార్చే మోడల్‌కి ఫొటోలు: రెడీమేడ్ డేటాసెట్టా, పెళ్లి ఆల్బమా, సొంత షూటా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక చిన్న యాడ్ స్టూడియో ఉందనుకుందాం. చీరల షాపు ప్రకటనకు నటి డేట్లు కుదరలేదు. డూప్‌తో తీసి ముఖం మార్చాలి. ముఖం మార్చే ఏఐ మోడల్ నేర్చుకోవడానికి ముఖాలు ఎక్కడివి?

నెట్‌లో సులువుగా దొరికేది ఎఫ్‌ఎఫ్‌హెచ్‌క్యూ అనే డేటాసెట్. ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైటు నుంచి ఎన్విడియా వాళ్లు సేకరించిన 70,000 ముఖాలు. ఒక్కో ఫొటో లైసెన్సు `ffhq-dataset-v2.json` లో ఉంటుంది. కొన్ని వ్యాపారానికి పనికొస్తాయి, కొన్ని రావు. డేటాసెట్ మొత్తానికి మాత్రం వ్యాపారేతర షరతే ఉంది. సరే, పనికొచ్చేవే ఏరుకున్నామనుకోండి. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది: ఆ లైసెన్సు ఇచ్చింది ఫొటో తీసినాయన. అందులో ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు. పైగా పిల్లల ముఖాలూ ఉన్నాయి. తమ ఫొటో తీసేయమని అడిగే దారి ఉంది కానీ, అప్పటికే డౌన్‌లోడ్ అయిన కాపీలను ఎవరు చెరుపుతారు?

రెండోది తెలిసిన ఫొటోగ్రాఫర్ హార్డ్‌డిస్క్. 'మన దగ్గర పెళ్లిళ్లు బోలెడున్నాయి, తీసుకోండి' అంటాడు. ఇది మొదటిదానికన్నా అధ్వాన్నం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు మొదటి యజమాని తీయించుకున్నవాళ్లే. అంటే ఇవ్వడానికి ఆయనకే హక్కు ఉండకపోవచ్చు. ఇక పంక్తిలో భోంచేస్తున్న బంధువుల అనుమతి సంగతి అడగక్కర్లేదు.

నా ఓటు సొంత షూట్‌కే. ఇద్దరి ముఖాలే కావాలి కాబట్టి వేలమంది అవసరం లేదు. రకరకాల వెలుతురులో, తల అటూ ఇటూ తిప్పిస్తూ, మాట్లాడిస్తూ కొన్ని నిమిషాల వీడియో తీస్తే వేల ఫ్రేములొస్తాయి. సంతకం నటి ఒక్కరిదే చాలదు, డూప్‌దీ కావాలి. 'ఫొటోలు వాడుకోవచ్చు' అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఫలానా ప్రకటన, ఫలానా గడువు, మోడల్ శిక్షణకు, మరెవరికీ ఇవ్వం అని విడివిడిగా రాయాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అనుమతి పత్రాన్ని తెలుగులో చదువుకునే వీలు ఇమ్మంటుంది, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కూ ఇస్తుంది. అలా తీసుకుంటే ఫొటోలు చెరిపితే చాలదు, నేర్చుకున్న ముఖం మోడల్ ఫైల్లోనే ఉంటుంది. అందుకే ఈ జంటకి విడిగా ఒక మోడల్ పెట్టుకోండి, అవసరమైతే దాన్నే పూర్తిగా తీసేయొచ్చు.

ఇంత చేసినా ఒక దొంగదారి మిగిలే ఉంటుంది. సమయం కలిసొస్తుందని ముందే శిక్షణ పొందిన మోడల్ మీద మొదలుపెడతారు. అది నేర్చుకున్నది ఎఫ్‌ఎఫ్‌హెచ్‌క్యూ లాంటి సెట్‌తో అయితే, వదిలేశామనుకున్న షరతులు మళ్లీ తలుపు తడతాయి. ఏ ఫొటోలతో తయారైందో రాయని మోడల్‌ను డబ్బు తీసుకునే పనికి నేనైతే ముట్టుకోను, గ్రాఫిక్స్ కార్డు ఇంకో వారం వేడెక్కినా సరే.