శాతాల మొదటి క్లాసు: నాలుగేళ్లు వాడిన నా 90 నిమిషాల ప్లాను

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఎస్‌ఎస్‌సీ, రైల్వే ఉద్యోగ పరీక్షల బ్యాచ్‌లకు అరిథ్‌మెటిక్ చెబుతాను. శాతాల మొదటి క్లాసుకి ఒక ప్లాను రాసుకుని నాలుగేళ్లుగా అదే నడిపిస్తున్నాను, మధ్యలో రెండు పెద్ద మార్పులు చేశాను. ఈ పాఠం కొత్తగా చెప్పబోయేవాళ్లకు పనికొస్తుందని దాని మంచిచెడ్డలు రాస్తున్నాను.

ఇప్పుడున్న ప్లాను ఇది. మొదటి 25 నిమిషాలు 'దేనిలో శాతం' అన్న ఒక్క విషయం. తర్వాత 25 నిమిషాలు భిన్నాలతో లెక్క. ఆపైన 10 బిట్లు, 6 నిమిషాల టెస్టు. మిగిలిన 34 నిమిషాలూ ఆ టెస్టులో చేసిన తప్పుల మీదే.

మొదటి ఏడాది ఇలా లేదు. బోర్డు మీద 1/2 నుంచి 1/20 దాకా పట్టిక రాసి, పక్కన శాతాలు వేసి, బట్టీ పట్టమనేవాణ్ణి. క్లాసంతా రాసుకోవడానికే సరిపోయేది. పిల్లలకు అది బాగా నచ్చేది, నోటు నిండింది కదా. వారం తర్వాత టెస్టు పెడితే 37.5% అనగానే 3/8 అని అరిచేవాళ్లు, 640లో 37.5% ఎంతంటే 240 అని టక్కున చెప్పేవాళ్లు. కానీ జీతాలు, ధరలు వచ్చే లెక్కల్లో మాత్రం తప్పు సంఖ్య మీద ఆ భిన్నాన్ని వేసేవాళ్లు. స్పీడు వచ్చింది గానీ తప్పు కూడా స్పీడుగానే వచ్చేది.

అందుకే పట్టికను వెనక్కి నెట్టి 'దేనిలో' అన్న ప్రశ్నను ముందు పెట్టాను. ఇప్పుడు లోపలికి వెళ్లగానే బోర్డు మీద ఒకే వాక్యం రాస్తాను: రాము జీతం సోము జీతం కన్నా 25% ఎక్కువ. అయితే సోము జీతం రాము జీతం కన్నా ఎంత శాతం తక్కువ? సగం క్లాసు 25 అంటుంది. సోముకి 100, రాముకి 125 వేయించి, 125లో 25 ఎంత శాతమో వాళ్లచేతే చేయిస్తాను. 20 వస్తుంది.

ఇక్కడ మన భాషలోనే ఒక గుర్తు ఉంది. తెలుగు ప్రశ్నలో 'కన్నా'కి ముందున్నదే 100. ఇంగ్లిష్ ప్రశ్నలో 'than' తర్వాత వచ్చేది 100. జిల్లాల నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లిష్ పేపర్ చదివేటప్పుడు ఎక్కడ తడబడుతున్నారో ఈ ఒక్క తేడా గమనించాకే నాకు అర్థమైంది. ఆ పదం కింద గీత గీయించి 25 నిమిషాలూ అదే ఆడిస్తాను, జవాబు కూడా అడగను. '100 ఎవరిది?' అంతే.

ఆ తర్వాత భిన్నాలు. 25% ఎక్కువ అంటే 4 భాగాలు 5 అయ్యాయి. మళ్లీ మొదటికి రావాలంటే 5లో 1 తగ్గాలి, అంటే 20%. ఇలా చెబితే షార్ట్‌కట్ ఎక్కడిదో వాళ్లకే కనిపిస్తుంది. దీన్ని ఈ లెక్కతో పరీక్షిస్తాను: నూనె ధర 25% పెరిగింది, ఇంటి యజమాని నూనె ఖర్చు 10% మాత్రమే పెంచగలడు, వాడకం ఎంత తగ్గించాలి?

25లోంచి 10 తీసేసి 15 అనేవాళ్లు చాలామంది. పట్టిక బట్టీ పట్టినవాళ్లు 20 అంటారు, ఎందుకంటే ఖర్చు మారని లెక్కకు నేర్చుకున్న సూత్రం అదే. సరైన దారి చిన్నది. ధర 5/4 అయింది, ఖర్చు 11/10 అయింది. వాడకం అంటే ఖర్చుని ధరతో భాగించడమే: 11/10 × 4/5 = 44/50, అంటే 88/100. తగ్గేది 12%. ఆప్షన్లలో 15, 20 రెండూ పెడతాను. అవి చూసి ఎవరు ఆగారో, ఎవరు టిక్కు పెట్టారో అక్కడే తెలిసిపోతుంది.

భిన్నాలకూ ఒక హద్దు ఉంది, అది చెప్పకపోతే పిల్లలు మునుగుతారు. 1/6 అంటే 16.66% కాబట్టి 17% కనిపించగానే 6తో భాగించేస్తారు. 840లో 17% అంటే 142.8. 6తో భాగిస్తే 140. ఆప్షన్లు దూరంగా ఉంటే పర్వాలేదు గానీ, 140 కూడా ఒక ఆప్షన్ అయితే దొరికిపోయినట్టే. అలాంటి చోట 10%కి 84, 5%కి 42, 2%కి 16.8 అని ముక్కలు చేసి కలుపుకోమంటాను. ఇంకోటి, 250లో 18% అడిగితే తిప్పేసి 18లో 250% చేయమంటాను, రెండున్నర రెట్లు, 45. ఇది చూసినప్పుడల్లా ఎవరో ఒకరు 'అంతేనా సార్?' అంటారు. అంతే.

ఇక టెస్టు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టియర్-1లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు, అంటే సగటున ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు. 10 బిట్లకు 6 నిమిషాలు అందుకే పెట్టాను. మొదట్లో జిరాక్స్ కాగితాలు పంచేవాణ్ణి. పిల్లలు ప్రశ్న మీదే గీతలు గీసి, అక్కడే కొట్టివేతలు చేసేవాళ్లు. అసలు పరీక్ష కంప్యూటర్‌లో, స్క్రీన్ మీద గీయడానికి ఏముంటుంది? ఇప్పుడు ప్రశ్నలు గోడ మీద ప్రొజెక్టర్‌తో వేస్తున్నాను, లెక్క మాత్రం విడిగా రఫ్ పేపర్‌లో. 'కన్నా' కింద గీత గీసే అలవాటు ఇక్కడ పనిచేయదు కాబట్టి రఫ్ పేపర్‌లో ముందు '100 =' అని రాసి పక్కన పేరులో మొదటి అక్షరం వేయమంటాను. రెండు సెకన్ల పని.

మార్కులు నెగెటివ్‌తో సహా వేయిస్తాను: ఒప్పుకు 2, తప్పుకు అర మార్కు కోత. తొమ్మిది చేసి ఐదు ఒప్పు అయినవాడికి 10లో 2 పోయి 8. ఆరే చేసి ఆరూ ఒప్పు అయినవాడికి 12. ఇది బోర్డు మీద చూశాక గుడ్డిగా పెట్టడం తగ్గింది.

నాకు ఈ ప్లాన్‌లో అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం టెస్టు తర్వాతి భాగం. తప్పు పోయినవీ, వదిలేసినవీ గడియారం లేకుండా వేరే రంగు పెన్నుతో మళ్లీ చేయిస్తాను, జవాబు చెప్పకుండానే. రెండోసారి ఒప్పు వస్తే వాడికి లోపం లెక్కలో, రోజూ పది నిమిషాలు భిన్నాలు చేస్తే చాలు. మళ్లీ తప్పే వస్తే 100 ఎవరిదో వాడికి ఇంకా తెలియలేదు, వాడికి స్టాప్‌వాచ్ ఇవ్వడం దండగ. రిజిస్టర్‌లో పేరు పక్కన 'లె' అనో 'ఆ' అనో రాసుకుంటాను. 'లె' అంటే లెక్క, 'ఆ' అంటే ఆధారం, అదే 100 ఎవరిదన్నది. ఒకే మార్కులు వచ్చిన ఇద్దరికి చాలాసార్లు వేర్వేరు అక్షరాలు పడతాయి.

లోపాలు కూడా చెప్పాలి. 60 మంది ఉన్న బ్యాచ్‌లో 34 నిమిషాల్లో అందరి కాగితాలూ చూడటం నావల్ల కాదు. పక్కపక్కవాళ్లు మార్చుకుని దిద్దుకుంటారు, అందులో మొహమాటాలు ఉంటాయి. సాయంత్రం బ్యాచ్‌లో చిక్కడపల్లి లైబ్రరీ నుంచి లేటుగా వచ్చేవాళ్లకు మొదటి భాగం పోతుంది, అది పోతే మిగతాదంతా పోయినట్టే. వరుసగా రెండు మూడు మార్పులు వచ్చే లెక్కలు ఈ 90 నిమిషాల్లో పట్టవు, 20% పెరిగి 20% తగ్గితే 4% నష్టం అని చెప్పి ఆపేస్తున్నాను, దానికి రెండో క్లాసు కావాలి. ఇక 1/7, 1/11 లాంటివి క్లాసులో రాయించడం పూర్తిగా మానేశాను. వచ్చే బ్యాచ్ నుంచి ఆ పట్టిక క్లాసుకి వారం ముందే చేతిలో పెట్టి, తలుపు దగ్గరే ఐదు అడిగి లోపలికి పంపుదామనుకుంటున్నాను.