ఇంటి డబ్బు మూడేళ్లు ఎక్కడ ఉంచాలి: ఎఫ్‌డీ, ఆర్‌డీ, లిక్విడ్ ఫండ్ ఏర్పాటు వాడి చూశాక

మూడేళ్లలో ఇల్లు కొనాలనుకునేవాళ్లు సేఫ్‌గా ఎంత ఉంచాలని అడిగితే సగం సగం, డెబ్బై ముప్పై అని శాతాల్లో చెప్పే సలహాలే ఎక్కువ. ఇల్లు కొనేటప్పుడు ఆ శాతాలు పనికిరావు. రిజిస్ట్రేషన్ రోజుకు చేతిలో ఎన్ని లక్షలుండాలో ముందు లెక్క కట్టాలి. అంత మొత్తం పూర్తిగా సేఫ్‌గా ఉండాలి. దానికి పైన మిగిలినదాన్ని ఏం చేసుకున్నా పర్వాలేదు. ఈ పద్ధతిని మూడేళ్ల పాటు నడిపాక రాస్తున్న సమీక్ష ఇది.

అనంతపురంలో ఈరోజు 48 లక్షలు చెప్పే ఇల్లు ఒకటి తీసుకుందాం. ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే మూడేళ్లకు 55.5 లక్షలవుతుంది. నెలకు 31 వేల చిల్లర ఈఎంఐ కట్టగలిగిన కుటుంబానికి 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల లెక్కన 36 లక్షల లోను వస్తుంది. మిగతా 19.5 లక్షలు చేతి డబ్బే. దానికి తోడు ఇంటి ధర మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే దాదాపు 4.2 లక్షలు. దీన్ని బ్యాంకు లోనులో కలపదు, చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. లాయర్ ఒపీనియన్, బ్యాంకు చార్జీలు, సున్నాలు, చిన్న రిపేర్లు, సామాను తరలింపు అన్నిటికీ కలిపి 1.8 లక్షలు వేసుకోండి. ఇప్పటికి 25.5 లక్షలు.

ఇంకో ఖర్చుంది, అది ఎవరూ ముందుగా చెప్పరు. లోను 30 లక్షలు దాటితే బ్యాంకు ఇంటి విలువలో 80 శాతమే ఇస్తుంది. ఆ విలువ మీరు మాట్లాడుకున్న ధర కాకుండా వాల్యుయర్ వేసినది కావచ్చు, రెండింట్లో తక్కువదాన్నే తీసుకుంటారు. మన ఊళ్లలో పాత ఇళ్లకు కింది అంతస్తుకు ప్లాన్ ఉండి, మీది అంతస్తుకు ఉండదు. ప్లాన్ లేని అంతస్తును వాల్యుయర్ లెక్కలోకి తీసుకోకపోతే 55 లక్షల ఇంటికి 42 లక్షలే వేస్తాడు. అప్పుడు లోను 33.6 లక్షల దగ్గర ఆగిపోతుంది. ఆ 2.4 లక్షల తేడా మీరే తేవాలి, అదీ అగ్రిమెంటు అయ్యాక, బయానా ఇచ్చేశాక తెలుస్తుంది. అందుకే ఇంకో 2.5 లక్షలు కలిపి 28 లక్షలు పెట్టుకోవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఉండాలి, దీంట్లో కలపొద్దు.

ఇప్పుడు వెనక్కి లెక్క కడదాం. ఎఫ్‌డీ వడ్డీ 6.5 శాతం, 20 శాతం పన్ను స్లాబు అనుకుంటే మిగిలేది 5.2 శాతం లోపే. ఆ లెక్కన ఈరోజు 16 లక్షలు ఎఫ్‌డీల్లో ఉండి, నెలకు 25 వేలు ఆర్‌డీ కడితే మూడేళ్లకు 28 లక్షలు దాటుతుంది. కాబట్టి ఈ కుటుంబానికి సేఫ్‌గా ఉండాల్సినది 16 లక్షలు, నెల నెలా వచ్చే 25 వేలు. చేతిలో 20 లక్షలుంటే ఆ పై 4 లక్షలు షేర్లలో పెట్టుకోవచ్చు. 12 లక్షలే ఉంటే షేర్లతో ఆ లోటు పూడ్చాలని చూడొద్దు. ఇంటి ధర తగ్గించుకోవాలి, లేదా ఇంకో ఏడాది ఆగాలి.

మూడేళ్లలో షేర్లు కోలుకుంటాయి కదా అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ. 2008 జనవరిలో 21 వేల దగ్గరున్న సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల దరికి పడింది. మళ్లీ 21 వేలు చూసింది 2010 నవంబరులో. అంటే దాదాపు మూడేళ్లూ కోలుకోవడానికే సరిపోయాయి. ఆ 16 లక్షల్లో సగం షేర్లలో పెడితే, ఏటా 12 శాతం వచ్చినా ఎఫ్‌డీ కంటే అదనంగా దక్కేది రెండు లక్షల దరిదాపు. 2020 మార్చిలా 38 శాతం పడితే పోయేది మూడు లక్షలు, దాంతో పాటు గడువు దాటిన అగ్రిమెంటు, బయానా కూడా.

ఎఫ్‌డీ ఒక్కటిగా వేయొద్దు. 16 లక్షలకు ఒకే రసీదు ఉంటే, రెండు లక్షల బయానా కోసం మొత్తం తెంపాల్సి రావచ్చు. గడువుకు ముందు తెంపితే బ్యాంకు మూడేళ్ల రేటు ఇవ్వదు. డబ్బు ఎన్ని నెలలు ఉందో ఆ కాలానికి ఉన్న రేటు చూసి, దాంట్లోనూ సాధారణంగా అర నుంచి ఒక శాతం కోస్తుంది. రెండేసి లక్షల ముక్కలుగా వేస్తే ఆ నష్టం ఒక్క ముక్కకే పరిమితం. ఆషాఢంలో అగ్రిమెంట్లు ఎవరూ రాయరు, శ్రావణం రాగానే అందరూ ఒక్కసారే కదులుతారు. అందుకే చివరి ఏడాది ముక్కలు కొన్ని ఉగాదికి ముందు, కొన్ని శ్రావణానికి ముందు చేతికొచ్చేలా గడువు పెట్టడం బాగా పనిచేసింది. ఆటో రెన్యువల్ మాత్రం తీసేయించండి. లేకపోతే గడువు రోజున డబ్బు ఖాతాలో పడకుండా మళ్లీ మూడేళ్లకు వెళ్లిపోతుంది. భార్యాభర్తల పేర ఉన్న ఎఫ్‌డీకి ‘ఇద్దరూ కలిసి’ అని రాసి ఉంటే, తెంపడానికి ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు బెంగళూరులో ఉంటే అదో తలనొప్పి.

వడ్డీ ఒక శాతం ఎక్కువని చిన్న బ్యాంకుకు వెళ్తే అక్కడ 4 లక్షలకు మించి పెట్టొద్దు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల వరకే, వడ్డీ కూడా అందులోనే, అన్ని బ్రాంచీలూ కలిపి. 7.5 శాతం వడ్డీకి 4 లక్షలు మూడేళ్లలో సరిగ్గా ఆ అంచుకు వస్తాయి.

బయానా సొమ్ము మాత్రం లిక్విడ్ ఫండ్‌లో, అంటే తక్కువ గడువు అప్పుపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో, ఉంచితే సుఖం. వారం దాటితే ఎగ్జిట్ లోడ్ అనే కోత ఉండదు, అడిగిన మరుసటి పనిదినం డబ్బు ఖాతాలో పడుతుంది. ఆదివారం ముహూర్తమైతే గురువారమే అమ్మకం పెట్టాలి. ఎక్కువ రాబడి చూపించే ఇతర డెట్ ఫండ్లకు మాత్రం ఈ డబ్బుతో వెళ్లొద్దు. 2020 ఏప్రిల్‌లో ఒక పెద్ద ఫండ్ సంస్థ ఒకేసారి ఆరు డెట్ పథకాలు మూసేసి, చెల్లింపులు ఆపేసింది.

ఇక మన సీమలో అందరికీ తెలిసిన దారి, తెలిసినవాళ్లకు నోటు మీద రెండు రూపాయల వడ్డీకి ఇవ్వడం. ఏటికి 24 శాతం, వినడానికి బాగుంటుంది. వడ్డీ నెల నెలా వస్తుంది కూడా. చిక్కు అసలు దగ్గరే. రిజిస్ట్రేషన్ తేదీ చెప్పి అడిగితే, అవతలి వ్యక్తి డబ్బు పంటలోనో, స్థలంలోనో ఇరుక్కుని ఉంటుంది. పంట చేతికొచ్చాక అంటాడు. ఇంటి డబ్బుకు తేదీయే ముఖ్యం. చీటీ అయితే రిజిస్టర్ అయినదై ఉండాలి. అప్పుడు కూడా మధ్యలో పాడుకుంటే జామీనుదార్ల కాగితాలు సరిపడేదాకా డబ్బు ఇవ్వరు, అందుకు వారాలు పట్టవచ్చు.

ఈ ఏర్పాటులో నచ్చనిది పన్ను. మూడేళ్ల ఎఫ్‌డీ వడ్డీ చివర్లో చేతికొచ్చినా, పన్ను లెక్కలో బ్యాంకు ఏటా చూపిస్తుంది. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే టీడీఎస్ ఆ ఎఫ్‌డీ నుంచే కోస్తారు, కాబట్టి రసీదు మీద అచ్చేసిన మెచ్యూరిటీ మొత్తం రాదు. దాటకపోతే కోత ఉండదు గానీ, రిటర్న్‌లో చూపించి జీతంలోంచి కట్టాలి. 28 లక్షల లెక్క వేసేటప్పుడు రసీదుల మీది అంకెలు కూడితే ఈ తేడా కనిపించదు, పన్ను పోగా మిగిలేదే కూడాలి.