ప్లాంట్ ప్రోటీన్ డబ్బా కొనేముందు వెనక వైపు లైసిన్ అంకె చూడండి: మా అమ్మ విషయంలో జరిగింది ఇది

శాకాహారులకు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ల కోసం ప్రోటీన్ పొడి కొనేవాళ్లకు ఈ హెచ్చరిక. మేము రెండు నెలలు మోసపోయాం, మీరు పోకండి.

మోకాలి ఆపరేషన్ తర్వాత అమ్మకు రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ కావాలని డైటీషియన్ చెప్పారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పాలు తాగితే కడుపు ఉబ్బరం. అందుకని పాల నుంచి తీసే వే ప్రోటీన్ వద్దనుకుని ఆన్‌లైన్‌లో ఒక ప్లాంట్ ప్రోటీన్ కొన్నాను. డబ్బా ముందు పచ్చి బఠానీల బొమ్మ, ‘స్కూప్‌కు 25 గ్రాములు’, ‘కంప్లీట్ అమినో ప్రొఫైల్’ అని పెద్ద అక్షరాలు. రోజుకు రెండు స్కూపులు ఇచ్చాం. 50 గ్రాములు వచ్చేసినట్టే అని లెక్క వేసుకున్నాం. పొడి తాగాక కడుపు నిండుగా ఉందని అమ్మ మధ్యాహ్నం పప్పు సగానికి తగ్గించేసింది, మేమూ పట్టించుకోలేదు. అసలు నష్టం అక్కడే జరిగింది.

రెండో విజిట్‌లో డైటీషియన్ డబ్బా తెమ్మన్నారు. ఆవిడ ముందు వైపు చూడనే లేదు. వెనక ధర స్టిక్కర్ అంచు పైకి లేపి పదార్థాల వరుస చదివారు. మొదటి పేరు బ్రౌన్ రైస్ ప్రోటీన్. రెండోది కోకో పొడి. బఠానీ ప్రోటీన్ మూడోది! లేబుల్‌లో ఎక్కువ బరువున్నది ముందు రాయాలి కాబట్టి, మేము కొన్నది బఠానీ బొమ్మ వేసిన బియ్యం ప్రోటీన్ అన్నమాట.

బియ్యం ప్రోటీన్ అయితే ఏమైంది అని నేనూ అడిగాను. ప్రోటీన్‌లోని అమినో ఆమ్లాల్లో మన శరీరం తనంతట తాను తయారు చేసుకోలేనివి తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఏది బాగా తక్కువ పడితే, కొత్త కండ కట్టడం అక్కడికే ఆగుతుంది. మిగతావి ఎంత ఉన్నా ఆ పనికి రావు. బియ్యంలో తక్కువ పడేది లైసిన్. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ 2013 నివేదిక ప్రకారం పెద్దవాళ్లకు ప్రతి గ్రాము ప్రోటీన్‌లో 48 మిల్లీగ్రాముల లైసిన్ ఉండాలి. మా డబ్బా వెనక పట్టికలో 100 గ్రాముల పొడికి ప్రోటీన్ 75 గ్రాములు, లైసిన్ 2.3 గ్రాములు. అంటే గ్రాము ప్రోటీన్‌కు 31 మిల్లీగ్రాములే. 31ని 48తో భాగిస్తే సుమారు 0.65. అందులోనూ తిన్నదంతా అరగదు. నూటికి 88 వంతులు అరిగిందనుకున్నా, స్కూప్‌లోని 25 గ్రాములు దాదాపు 14 గ్రాముల పూర్తి ప్రోటీన్ పనే చేస్తాయి. రెండు స్కూపులకు 28. మేము మాత్రం 50 అని నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాం.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ లెక్క ఆ పొడిని ఒక్కదాన్నే తీసుకుంటే. పప్పు, సెనగలు, పెరుగు దండిగా తింటే వాటిలోని లైసిన్ ఆ లోటు పూడుస్తుంది. కానీ మేము తగ్గించింది ఆ పప్పునే. ఇడ్లీలో బియ్యం, అన్నంలో బియ్యం, చివరికి డబ్బాలోనూ బియ్యమే. అన్నం తినే ఇంటికి కావలసింది బఠానీ లేదా సోయా ప్రోటీన్. బఠానీలో లైసిన్ గ్రాముకు 70 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. దానిలో కాస్త తక్కువ పడే మెథియోనిన్‌ను అన్నమే ఇస్తుంది.

వే సంగతికి వస్తే, దానిలో ఏ అమినో ఆమ్లానికీ ఇలాంటి లోటు లేదు, దాదాపు అంతా అరుగుతుంది. పాలు పడనివాళ్లకు ఇబ్బంది పెట్టేది ఎక్కువగా లాక్టోజ్ అనే పాల చక్కెర. అది కాన్సెంట్రేట్ రకంలో కొంత ఉంటుంది, ఐసోలేట్‌లో బాగా తక్కువ. ఇది ముందే తెలిసుంటే నేను వేను పక్కన పెట్టేవాణ్ణి కాదు. పాల ప్రోటీన్‌కే అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం రెండిటికీ దూరంగా ఉండాలి.

పదార్థాల్లో విడిగా ‘గ్లైసిన్’ కనిపిస్తే ఇంకా జాగ్రత్త. ల్యాబులో మామూలుగా ప్రోటీన్‌ను నేరుగా కొలవరు, నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. చవకైన గ్లైసిన్ ఒక గ్రాము కలిపితే లెక్కలో 1.17 గ్రాముల ప్రోటీన్‌గా తేలుతుంది. అది మన శరీరం తయారు చేసుకోగలిగే అమినో ఆమ్లమే.

అమినో ఆమ్లాల పట్టికే వేయని డబ్బాను నేనైతే ఇక కొనను. పట్టిక ఉంటే లైసిన్‌ను ప్రోటీన్‌తో భాగించండి. 0.048 కన్నా తక్కువ వస్తే వదిలేయండి.

సీల్ తీశారు కాబట్టి వాపసు లేదన్నాడు అమ్మినవాడు. బొమ్మ బఠానీదీ సరుకు బియ్యానిదీ ఎందుకని రాస్తే జవాబే లేదు. ఇప్పుడు అమ్మకు ఉదయం వే ఐసోలేట్ ఒక స్కూప్ నీళ్లలో కలిపి ఇస్తున్నాం. మూడు వారాలైంది, ఉబ్బరం లేదు. మధ్యాహ్నం గిన్నెడు ముద్దపప్పు మళ్లీ కంచంలోకి వచ్చింది.